యూనిట్‌కు ఫిక్స్‌డ్ కాస్ట్ ఎందుకు తగ్గుతుంది, వేరియబుల్ కాస్ట్ ఎందుకు కదలదు

ప్రశ్న: కామర్స్ కొత్తగా చదువుతున్నాను. ఫిక్స్‌డ్ కాస్ట్ మారదు, వేరియబుల్ కాస్ట్ మారుతుంది అని చెప్పారు. ఆ తర్వాత పేజీలోనే, ఉత్పత్తి పెరిగితే యూనిట్‌కు ఫిక్స్‌డ్ కాస్ట్ తగ్గుతుంది, యూనిట్‌కు వేరియబుల్ కాస్ట్ మారదు అని ఉంది. ఇది తిరగేసి చెప్పినట్టు ఉంది కదా, రెండూ ఎలా నిజమవుతాయి? బట్టీ పట్టకుండా అర్థమయ్యేలా చెప్పండి.

సమాధానం:

రెండూ నిజమే, ఎందుకంటే ఆ రెండు వాక్యాలు మాట్లాడుతున్నది రెండు వేర్వేరు అంకెల గురించి. "ఫిక్స్‌డ్", "వేరియబుల్" అనే పేర్లు పెట్టింది నెల మొత్తం ఖర్చును చూసి. ఒక్కో వస్తువుకు ఎంత పడుతుందో చూసి కాదు. మొత్తం మారని ఖర్చును ఎక్కువ వస్తువుల మీద పంచితే ఒక్కోదానికి వచ్చే వాటా తగ్గుతుంది. వస్తువుతో పాటే పెరిగే ఖర్చును పంచితే, పంచాల్సిన మొత్తం, పంచుకునే సంఖ్య రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి కాబట్టి వాటా ఎప్పుడూ అంతే ఉంటుంది. జరిగేది ఇంతే. కానీ ఇక్కడితో ఆపితే పరీక్షకు మాత్రమే పనికొస్తుంది, కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లాగుదాం.

నేను కాస్ట్ అకౌంట్స్ పనిలో ఉన్నాను, చాలాకాలంగా ఫ్యాక్టరీల లెక్కలు చూస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు చెప్పేటప్పుడు నోట్‌బుక్కులు తయారుచేసే చిన్న యూనిట్‌ను ఊహించుకోమంటాను, అందులో ఖర్చులు కంటికి కనిపిస్తాయి కాబట్టి. అంకెలు నేను లెక్క సులువుగా ఉండేలా వేసుకున్నవి.

ఆ యూనిట్‌లో నెలకు షెడ్డు అద్దె 25,000, సూపర్‌వైజర్ జీతం 20,000, మెషీన్ తరుగుదల 15,000. మొత్తం 60,000. మెషీన్ తిరిగినా తిరగకపోయినా, ఒక్క పుస్తకం కూడా బయటికి రాకపోయినా ఈ 60,000 తప్పదు. ఇక ఒక్కో నోట్‌బుక్కుకు కాగితం 14, అట్ట 3, దారం, జిగురు కలిపి 1, కుట్టేవాళ్లకు పుస్తకం లెక్కన ఇచ్చే కూలి 2. మొత్తం 20. పుస్తకం తయారైతేనే ఈ 20 ఖర్చవుతుంది, లేకపోతే లేదు.

ఇప్పుడు వేర్వేరు నెలల్లో ఎంత తయారైతే ఎంత పడుతుందో చూడండి:

| పుస్తకాలు | ఫిక్స్‌డ్ మొత్తం | వేరియబుల్ మొత్తం | ఒక్కోదానికి ఫిక్స్‌డ్ | ఒక్కోదానికి వేరియబుల్ | ఒక్కోదానికి మొత్తం |
|---|---|---|---|---|---|
| 1,000 | 60,000 | 20,000 | 60 | 20 | 80 |
| 2,000 | 60,000 | 40,000 | 30 | 20 | 50 |
| 3,000 | 60,000 | 60,000 | 20 | 20 | 40 |
| 6,000 | 60,000 | 1,20,000 | 10 | 20 | 30 |

రెండో నిలువు వరుస, మూడో నిలువు వరుస చూస్తే మీరు చదివిన మొదటి వాక్యం కనిపిస్తుంది. నాలుగోది, ఐదోది చూస్తే రెండో వాక్యం కనిపిస్తుంది. ఒకే పట్టికలో రెండూ ఉన్నాయి, ఎక్కడా గొడవ లేదు. మీకు తిరగేసినట్టు అనిపించింది "యూనిట్‌కు" అన్న ఒక్క మాట మీద కన్ను ఆగకపోవడం వల్ల.

అదే సంగతి బీజగణితంలో రెండు లైన్లు. పుస్తకాల సంఖ్య `x` అనుకుంటే:

```
మొత్తం ఖర్చు      = 60,000 + 20x
ఒక్కోదాని ఖర్చు   = (60,000 + 20x) / x = 60,000/x + 20
```

రెండో లైన్‌లో 20 పక్కనున్న `x` కొట్టేసుకుపోయింది. 60,000 కింద మాత్రం `x` అలాగే మిగిలింది. కింద ఉన్న సంఖ్య పెరిగేకొద్దీ ఆ భాగం చిన్నదవుతుంది.

పట్టికలో ఇంకోటి గమనించండి, దీన్ని చాలామంది దాటేస్తారు. 1,000 నుంచి 2,000కు వెళ్తే ఒక్కో పుస్తకం మీద 30 తగ్గింది. 2,000 నుంచి 3,000కు వెళ్తే, అంటే అదే ఇంకో వెయ్యి కలిపితే, తగ్గింది 10 మాత్రమే. 3,000 నుంచి 6,000 దాకా మూడు వేలు కలిపినా మళ్లీ 10 మాత్రమే. కాబట్టి తగ్గడం మొదట్లో జోరుగా ఉంటుంది, పోనుపోను మందగిస్తుంది. ఒక్కోదాని ఫిక్స్‌డ్ వాటాకు గ్రాఫ్ గీస్తే మొదట నిట్టనిలువుగా దిగి తర్వాత దాదాపు చదునుగా సాగే గీత వస్తుంది, అది ఎప్పటికీ సున్నాను తాకదు. ఒక్కోదాని మొత్తం ఖర్చు కూడా 20కి దగ్గరవుతుందే కానీ ఎన్ని లక్షలు తయారుచేసినా 20కి దిగదు. అందుకే "ఉత్పత్తి పెంచితే ఖర్చు తగ్గుతుంది" అని ఎవరైనా అంటే, ఇప్పుడు ఎంత తయారవుతోంది అని ముందు అడగాలి. వెయ్యి దగ్గర ఉన్నవాడికి ఆ మాట ప్రాణం పోస్తుంది, ఇరవై వేల దగ్గర ఉన్నవాడికి దాని వల్ల ఒరిగేది చాలా తక్కువ.

అసలు పట్టుకోవాల్సింది ఇది: యూనిట్‌కు ఫిక్స్‌డ్ కాస్ట్ అనేది ఎవరికీ చెల్లించే డబ్బు కాదు. కాగితానికి 14 అనేది నిజంగా ఒకరి చేతికి ఇచ్చే ధర, బిల్లు మీద ఉంటుంది. "పుస్తకానికి 20 ఫిక్స్‌డ్" అని రాసిన బిల్లు ఎక్కడా దొరకదు. షెడ్డు ఓనరు పుస్తకానికి ఇంత అని అడగడు, నెలకు 25,000 అడుగుతాడు. ఆ 20 మనం కాగితం మీద భాగహారం చేస్తే వచ్చిన ఫలితం, ఆ నెల 3,000 తయారయ్యాయి కాబట్టి వచ్చింది. సంఖ్య మారితే ఆ 20 చెల్లదు. ఈ తేడా మనసులో లేకపోతే మూడు చోట్ల బోల్తా పడతారు. వరసగా చెప్తాను, ఎందుకంటే ఈ పాఠం ఎందుకు నేర్పుతున్నారో అక్కడే తెలుస్తుంది.

మొదటిది అంచనాలు వేయడం. ఈ నెల 3,000 పుస్తకాలు, ఒక్కోదానికి 40 పడింది. వచ్చే నెల 5,000 చేయాలి, ఎంత ఖర్చవుతుంది? కొత్తవాళ్లు 5,000ను 40తో గుణించి 2,00,000 అంటారు. నిజానికి అయ్యేది 60,000 ప్లస్ 1,00,000, అంటే 1,60,000. ఏకంగా 40,000 ఎక్కువ చెప్పారు. ఎందుకంటే 40లో ఉన్న ఫిక్స్‌డ్ భాగాన్ని కూడా పుస్తకంతో పాటు పెరిగేదానిలా చూశారు. ఇదే తప్పు తగ్గే వైపు ఇంకా ప్రమాదం: 1,000 చేసే నెలకు 40,000 ఖర్చవుతుందనుకుని కూర్చుంటే అయ్యేది 80,000. ఒక్కోదాని ఖర్చును ఎప్పుడూ నేరుగా గుణించకండి. ఫిక్స్‌డ్‌ను మొత్తంగా ఒక పక్క పెట్టుకుని, వేరియబుల్‌ను మాత్రమే గుణించి, చివర్లో రెండూ కలపండి.

రెండోది ధర దగ్గర. నెలకు 3,000 పుస్తకాలు అమ్ముడుపోతున్నాయి, ఒక్కోదానికి 40 పడుతోంది. ఒకరు వచ్చి ఇంకో 1,000 తీసుకుంటాం, కానీ 28 మాత్రమే ఇస్తాం అన్నారు. 40 పడే వస్తువును 28కి ఇస్తే పుస్తకానికి 12 నష్టం అని అకౌంట్స్‌లో కూర్చున్నవాళ్లు ఠక్కున కొట్టేస్తారు. నేను ఈ మాట మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మొత్తాలు వేసి చూడండి. 3,000 తయారుచేస్తే మొత్తం ఖర్చు 1,20,000. 4,000 చేస్తే 1,40,000. ఆ వెయ్యి పుస్తకాల వల్ల అదనంగా పోయేది 20,000, వచ్చేది 28,000. అంటే 8,000 మిగులుతుంది. అద్దె, జీతం, తరుగుదల ఈ ఆర్డర్ ఉన్నా లేకపోయినా ఉండేవే, వీటిలో ఒక్క పైసా కూడా ఈ ఆర్డర్ వల్ల కొత్తగా రాలేదు. ధరలోంచి వేరియబుల్ కాస్ట్ తీసేస్తే ఒక్కో పుస్తకానికి మిగిలే ఈ 8ని కాంట్రిబ్యూషన్ అంటాం.

అలాగని 20కి పైన ఏ ధర వచ్చినా ఇచ్చేయమని కాదు. ఈ లెక్క చెల్లాలంటే ఆ వెయ్యి తయారుచేయడానికి మెషీన్‌కు ఖాళీ ఉండాలి, ఇప్పుడు 45 ఇస్తున్న పాత కొనుగోలుదార్లు ఈ 28 సంగతి తెలుసుకుని తమకూ అదే కావాలని పట్టుబట్టకూడదు. పైగా మొత్తం అమ్మకాల నుంచి వచ్చే కాంట్రిబ్యూషన్ ఎక్కడో ఒకచోట ఆ 60,000ను కప్పాలి. అన్నీ 28కే అమ్మితే 7,500 పుస్తకాలు పోతే కానీ నష్టం లేకుండా బయటపడరు. కాబట్టి ఒక్క అదనపు ఆర్డర్‌కు సరిపోయే ధర, వ్యాపారం మొత్తానికి సరిపోయే ధర ఒకటి కాదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, మొదటి ఏడాది పాఠాల్లో సాధారణంగా చెప్పనిది. యూనిట్ కాస్ట్ తగ్గడం చూసి లాభం వచ్చిందనుకోవడం. నెలకు 3,000 పుస్తకాలే అమ్ముడవుతాయి, ధర 45. 3,000 తయారుచేసి అన్నీ అమ్మితే రాబడి 1,35,000, ఖర్చు 1,20,000, లాభం 15,000. ఇప్పుడు మేనేజర్ ఉత్పత్తిని 6,000కు పెంచాడు, అమ్మకం మాత్రం 3,000 దగ్గరే ఉంది. ఒక్కోదాని ఖర్చు 30కి దిగింది. అమ్మిన 3,000కు ఖర్చు 90,000 అని రాస్తే లాభం 45,000 అని కనిపిస్తుంది. ఒక్క పుస్తకం కూడా ఎక్కువ అమ్మకుండానే లాభం మూడింతలు!

ఎక్కడి నుంచి వచ్చింది ఆ 30,000? మిగిలిపోయిన 3,000 పుస్తకాలు గోడౌన్‌లో ఉన్నాయి, ఒక్కోదాని మీద 10 చొప్పున 30,000 ఫిక్స్‌డ్ కాస్ట్ వాటితో పాటే గోడౌన్‌లోకి వెళ్లి స్టాకు విలువలో కూర్చుంది. అద్దె తగ్గలేదు, జీతం తగ్గలేదు, ఆ నెల ఫిక్స్‌డ్ ఖర్చుల్లో సగాన్ని వచ్చే నెలకు నెట్టారు, అంతే. మరోపక్క అదనపు పుస్తకాలకు కాగితం, అట్ట, కూలి కలిపి 60,000 ఎక్కువ ఖర్చయింది. రిపోర్టులో లాభం పెరిగింది, చేతిలో డబ్బు తరిగింది. వచ్చే నెల ఉత్పత్తి తగ్గించి గోడౌన్ ఖాళీ చేస్తే ఈ నెట్టిన 30,000 తిరిగొచ్చి ఆ నెల మీద పడుతుంది. ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి గుర్తు ఒకటే: యూనిట్ కాస్ట్ తగ్గుతున్న నెలల్లోనే స్టాకు కూడా పెరుగుతూ ఉంటే అనుమానించాలి. నేను ఏ ఫ్యాక్టరీ రిపోర్టు చేతికొచ్చినా యూనిట్ కాస్ట్ చూసిన వెంటనే నెలాఖరు స్టాకు ఎంతో చూస్తాను, ఆ రెండూ కలిపి చూడకుండా మొదటిదాన్ని నమ్మను.

దీని తిరుగుడు కూడా ఉంది. ఏదో కారణంతో ఒక నెల 1,000 పుస్తకాలే తయారైతే, ఒక్కోదాని మీద 60 వేసి స్టాకును 80 చొప్పున విలువ కట్టొచ్చా? కట్టకూడదు. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 ప్రకారం స్థిర ఉత్పత్తి ఖర్చులను సాధారణ సామర్థ్యాన్ని బట్టి పంచాలి, ఉత్పత్తి పడిపోయిందని ఒక్కోదాని వాటా పెంచకూడదు. మన యూనిట్ సాధారణ సామర్థ్యం నెలకు 5,000 అనుకుంటే వాటా 12. వెయ్యి తయారైన నెలలో పుస్తకాల మీదకు 12,000 ఎక్కుతుంది, మిగిలిన 48,000 ఆ నెల ఖర్చుగానే పోతుంది. అంటే మెషీన్ ఖాళీగా ఉన్నందుకు అయిన ఖర్చును పుస్తకం విలువలో దాచుకునే వీల్లేదు.

సరే, ఇప్పటిదాకా ఫిక్స్‌డ్ ఎప్పుడూ ఫిక్స్‌డే, వేరియబుల్ ఎప్పుడూ 20యే అన్నట్టు మాట్లాడాను. అది కొంత మేరకే నిజం. ఆ మేరను కాస్టింగ్‌లో రెలవెంట్ రేంజ్ అంటారు.

మన మెషీన్ ఒక షిఫ్టులో నెలకు 8,000 పుస్తకాలే చేయగలదనుకుందాం. 8,000 దగ్గర ఒక్కోదానికి ఫిక్స్‌డ్ 7.50. ఇంకొక్క పుస్తకం కావాలంటే రెండో షిఫ్టు పెట్టాలి, దానికి ఇంకో సూపర్‌వైజర్ 20,000, రాత్రి కాపలా 10,000. ఫిక్స్‌డ్ మొత్తం ఒక్కసారిగా 90,000 అవుతుంది, 8,001వ పుస్తకం దగ్గర వాటా దాదాపు 11.25కు ఎగురుతుంది. మళ్లీ 7.50కు రావాలంటే 12,000 పుస్తకాలు తయారవ్వాలి. కాబట్టి నెలకు 9,000కు ఆర్డర్లు వచ్చాయని సంబరపడి రెండో షిఫ్టు మొదలుపెట్టినవాళ్లకు ఒక్కోదాని ఖర్చు పెరుగుతుంది, తగ్గదు. గ్రాఫ్ మీద ఇది కిందికి జారుతూ జారుతూ ఒకచోట గోడలా లేచి, అక్కణ్నుంచి మళ్లీ జారడం మొదలుపెట్టే గీత.

వేరియబుల్ వైపూ ఇంతే. కాగితం పెద్ద మొత్తంలో కొంటే 14 కాస్తా 13 అవ్వొచ్చు. ఓవర్‌టైమ్ పెడితే కూలి 2 కాస్తా 3 అవ్వొచ్చు. కుట్టు చెయ్యి తిరగని కొత్తవాళ్లు ఉంటే పాడైన కాగితం ఎక్కువ పోతుంది. "యూనిట్‌కు వేరియబుల్ కాస్ట్ మారదు" అనేది ప్రకృతి నియమం కాదు, కొనే ధర, కూలి రేటు, వృథా ఇవి మారనంత వరకు చెల్లే ఊహ. పరీక్షలో ఈ ఊహ ఇచ్చే ఉంటుంది. పనిలో అయితే దాన్ని మీరే సరిచూసుకోవాలి.

కూలి విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. పాఠ్యపుస్తకాల్లో కార్మికుల వేతనం అనగానే వేరియబుల్ కింద రాసేస్తారు. పుస్తకం లెక్కన కూలి ఇస్తే అది నిజమే. అదే కుట్టేవాళ్లకు నెల జీతం ఇస్తుంటే, ఆ నెలలో 2,000 కుట్టినా 5,000 కుట్టినా జీతం అదే కాబట్టి అది ఫిక్స్‌డ్. ఖర్చు పేరును బట్టి ఏ పక్కకు వెళ్తుందో తేల్చకండి, చెల్లించే పద్ధతిని బట్టి తేల్చండి. నేను వాడే ప్రశ్నలు రెండే: ఈ నెల ఇంకొక్కటి తయారుచేస్తే ఈ బిల్లు పెరుగుతుందా? ఈ నెల ఏమీ తయారుచేయకపోతే ఈ బిల్లు వస్తుందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అయితే వేరియబుల్. మొదటిదానికి కాదు, రెండోదానికి అవును అయితే ఫిక్స్‌డ్. రెండిటికీ అవును అని వస్తే, కరెంటు బిల్లులో కనీస చార్జీ, వాడకం చార్జీ రెండూ ఉన్నట్టుగా, ఆ బిల్లులో రెండు రకాలూ కలిసి ఉన్నాయని అర్థం. అప్పుడు దాన్ని విడగొట్టి చెరో పక్క వేయాలి.

ఈ ప్రశ్నల్లో "ఈ నెల" అన్నది కావాలనే పెట్టాను. గడువు పెంచితే సమాధానం మారుతుంది. అద్దె ఒప్పందం అయిపోయాక షెడ్డు వదిలేయొచ్చు, సూపర్‌వైజర్‌ను తీసేయొచ్చు, మెషీన్ అమ్మేయొచ్చు. చాలా ఏళ్లు లెక్కలోకి తీసుకుంటే ఫిక్స్‌డ్ అని ఏదీ ఉండదు, అందుకే ఆర్థికశాస్త్రంలో దీర్ఘకాలంలో ఖర్చులన్నీ వేరియబుల్ అంటారు. మీ సిలబస్‌లో ముందు ముందు అది వచ్చినప్పుడు ఇదేంటి మళ్లీ తిరగేశారు అనుకోకండి, అక్కడ మారింది గడువు మాత్రమే.

ఇక పరీక్ష సంగతి. గ్రాఫులు గీయమంటే నాలుగు గీతలు వేరుగా గుర్తుంచుకోనక్కర్లేదు. నిలువు అక్షం మీద "మొత్తం" అని ఉందా, "యూనిట్‌కు" అని ఉందా అని చూడండి. మొత్తం అయితే ఫిక్స్‌డ్ అడ్డంగా పడుకున్న గీత, వేరియబుల్ సున్నా దగ్గర మొదలై పైకి ఎక్కే తిన్నని గీత. యూనిట్‌కు అయితే వేరియబుల్ అడ్డంగా ఉంటుంది, ఫిక్స్‌డ్ పైనుంచి కిందికి వంగుతూ దిగుతుంది. సందేహం వస్తే పైన ఇచ్చిన పట్టికలోంచి రెండు వరుసలు, 1,000ది, 2,000ది, తీసుకుని చుక్కలు పెట్టి చూడండి. ఏ గీత ఎటు పోవాలో చుక్కలే చెప్పేస్తాయి.